సాదా టీషర్టుల ర్యాక్: మా ప్రింటింగ్ షాపు ప్రాజెక్టు డైరీ

జూన్ 8, 2025

స్టాకు లెక్క పూర్తయింది. హనుమకొండలో బాబాయి నడిపే టీషర్టుల షాపులో ఇప్పుడు ఇరవై డిజైన్లు ఉన్నాయి. ఒక్కో డిజైనూ నలుపు, తెలుపు, నేవీ రంగుల్లో, S నుంచి XXL దాకా ఐదు సైజుల్లో పెడతారు. అంటే 300 రకాలు. ర్యాకుల్లో 300 గళ్లు, ఒక్కో గడికి ఒక చీటీ.

మొత్తం ప్రింటు వేసిన టీషర్టులు 1,740 ఉన్నాయి. సగటున గడికి ఆరు కూడా లేవు, అయినా చూస్తే షాపు నిండుగా కనిపిస్తుంది. అసలు సంగతి లోపల తెలిసింది. 94 గళ్లు ఖాళీ. మరోపక్క గత దసరా నుంచి ఒక్కటి కూడా కదలని టీషర్టులు 620. ఖాళీ గళ్లలో మొదట కనిపించేవి నలుపు M, నలుపు L. కదలనివాటిలో నేవీ XXL, తెలుపు S ముందు వరుసలో ఉన్నాయి. కొనేవాళ్లకు నచ్చిన డిజైన్ ఉంటే సైజు ఉండదు, సైజు ఉంటే డిజైన్ ఉండదు.

మే నెలంతా కౌంటర్ దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టించాను. "సైజు లేదు" అని చెప్పి పంపించిన ప్రతిసారీ ఒక గీత. నెలాఖరుకు 25 గీతలయ్యాయి. బాబాయి దాన్ని చూసి, "అడిగిపోయినోళ్లందరూ కొనేటోళ్లేనా?" అన్నాడు. నిజమే, అందరూ కొనరు. అందుకే డబ్బు తీయబోయి ఆగిన వాళ్లకే గీత పెట్టమన్నాను.

జూన్ 15

ఇన్నాళ్లూ నడిచిన పద్ధతి ఇది. తిరుప్పూరు నుంచి ప్లెయిన్ టీషర్టులు వస్తాయి. వచ్చిన వారంలోనే స్క్రీన్ ప్రింటింగ్ మాస్టర్ దగ్గరకు మూటలు వెళతాయి. స్క్రీన్ కట్టడానికి, రంగు కలపడానికి పట్టే శ్రమ పది ముక్కలకైనా వందకైనా ఒకటే కాబట్టి, ఆయన డిజైన్‌కు వందకు తగ్గితే ఒప్పుకోడు. దాంతో కొత్త డిజైన్ అంటే వంద టీషర్టులు ఒకేసారి ఖాయమైపోయినట్టే. ఏ సైజులో ఎన్ని అనేది కూడా ఆ రోజే తేల్చుకోవాలి.

ప్లెయిన్‌గా ఉన్నంతసేపూ ఒక నలుపు L ఇరవై డిజైన్లలో దేనికైనా పనికొస్తుంది. ప్రింటు పడ్డ క్షణం నుంచి అది ఒక్క డిజైన్‌కే అంకితం. మనం ఆ నిర్ణయాన్ని అమ్మకానికి రెండు మూడు నెలల ముందే తీసేసుకుంటున్నాం. ప్రింటును వెనక్కి జరిపి, కొనేవాళ్లు అడిగాక వేయగలిగితే 300 గళ్లు కాస్తా 15 అవుతాయి: మూడు రంగులు, ఐదు సైజులు.

ఇందులో కొత్తేమీ లేదు. మన బజార్లో పెయింటు దుకాణం వాళ్లు ఈ పనే చేస్తున్నారు. తెల్ల బేస్ డబ్బాలు పెట్టుకుని, అడిగిన షేడ్‌ను మెషిన్ మీద అప్పటికప్పుడు కలిపిస్తారు. ఇటలీలో బెనెటన్ కంపెనీ రంగు వేయని నూలుతో స్వెటర్లు అల్లి పెట్టుకుని, ఆ సీజన్లో ఏ రంగు పోతోందో చూశాక అద్దకం వేయించేది. అల్లాక అద్దడం ఖర్చెక్కువ పనే. అయినా ఎవరూ కొనని రంగులో స్వెటర్లు మిగలడం కంటే నయమని లెక్క వేసుకున్నారు. మన లెక్క కూడా అక్కడే తేలాలి: ఆలస్యంగా వేసే ప్రింటుకు ఎంత ఎక్కువ పడుతుంది, దానివల్ల ఎంత మిగులుతుంది.

జూన్ 19

ముందు నిల్వ ఎంత తగ్గుతుందో చూశాను. నలుపు L ఒక్కదాన్నే తీసుకుంటాను. తిరుప్పూరుకు ఆర్డరు పెట్టాక సరుకు చేతికి రావడానికి మూడు వారాలు అనుకోవాలి. ఆ మూడు వారాల్లో నలుపు L మొత్తం సుమారు 40 పోతాయి. ఇరవై డిజైన్లూ సమానంగా పోతాయనుకుంటే ఒక్కోటి రెండేసి. రెండే పోయేచోట ఒకసారి సున్నా, ఒకసారి నాలుగు కావడం మామూలే. ఇలాంటి చిన్న సంఖ్యల్లో ఎగుడుదిగుడు సుమారుగా సగటు వర్గమూలమంత ఉంటుంది, అంటే 1.4. నూటికి 95 సార్లు సరుకు లేదనకుండా ఉండాలంటే దానికి 1.65 రెట్లు బఫర్ పెట్టాలి. 2.3 వస్తుంది, సగం టీషర్టు ఉండదు కాబట్టి మూడు. డిజైన్‌కు రెండూ మూడూ ఐదు, ఇరవై డిజైన్లకు వంద.

అదే ప్లెయిన్‌గా ఒకే గంపలో ఉంటే? మొత్తం 40, దాని ఎగుడుదిగుడు 6.3, బఫర్ 11. వంద చోట 51 సరిపోతాయి. ఒక డిజైన్ ఎక్కువ పోయిన వారం ఇంకోటి తక్కువ పోతుంది, రెండూ ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. విడివిడి గళ్లలో ఉన్నప్పుడు ఆ సర్దుబాటుకు దారి లేదు.

కాగితం మీద ఇంత ముచ్చటగా వచ్చిందని నమ్మబుద్ధి కాలేదు. ఏడాది బిల్లులు తీసి మూడేసి వారాల మొత్తాలు షీట్‌లో వేసి చూస్తే నలుపు L ఎగుడుదిగుడు 6.3 కాదు, 9 వచ్చింది. కారణం వెతికితే తేలిగ్గానే దొరికింది: జీతాలు పడ్డ వారం, కాలేజీలు తెరిచిన వారం అన్ని డిజైన్లూ కలిసే లేస్తాయి, కలిసే పడతాయి. కలిసి కదిలే వాటిని ఒక గంపలో వేసినా సర్దుబాటు జరగదు. అందుకే వర్గమూలం సూత్రం ఇచ్చిన అంకె కాకుండా, మన బిల్లుల్లోంచి వచ్చిన అంకెనే వాడుతున్నాను. ఒక్కో రంగు, సైజుకు ఒక్కో కాలమ్, కింద ఈ ఫార్ములా:

```
=ROUNDUP(AVERAGE(B2:B18)+1.65*STDEV(B2:B18),0)
```

నలుపు L కు 55 వచ్చింది. ర్యాకులో 55కు దిగితే తిరుప్పూరుకు ఫోన్ చేయాలి. వందకు 51 అనుకున్నది 55 అయింది, అయినా సగానికి దగ్గరే.

ఒక్క మాట. సైజును వాయిదా వేయలేం. అది తిరుప్పూరులో కత్తెర పడ్డప్పుడే ఖాయమవుతుంది. కానీ సైజుల అంచనా డిజైన్ వారీగా వేస్తే దారితప్పుతుంది గానీ, మొత్తం మీద వేస్తే ఏడాది పొడవునా పెద్దగా మారడం లేదు. మా దగ్గర వందకు S 10, M 24, L 32, XL 23, XXL 11. ఏ డిజైన్ హిట్టవుతుందో చెప్పలేం గానీ, వచ్చే వందమందిలో ముప్పై మందికి పైగా L వాళ్లుంటారని ధైర్యంగా చెప్పగలం.

జూన్ 24

ఇప్పుడు ఖర్చు. ఒకటీ రెండూ ముక్కలకు స్క్రీన్ ప్రింటింగ్ కుదరదు. నేరుగా బట్ట మీద వేసే డీటీజీ మెషిన్ ధర మన స్థాయి కాదు, పైగా ముదురు బట్టకు ముందు ద్రావణం కొట్టి ఆరబెట్టాలి. మిగిలింది డీటీఎఫ్. డిజైన్‌ను ముందు ప్లాస్టిక్ ఫిల్మ్ మీద రంగులతో, వాటి మీద తెల్ల ఇంకుతో వేస్తారు. తడిగా ఉండగానే జిగురు పొడి చల్లి వేడికి కరిగిస్తారు. ఆ ఫిల్మ్‌ను దాచుకుని, కావలసినప్పుడు హీట్ ప్రెస్‌లో టీషర్టు మీద నొక్కి తీస్తే అంటుకుంటుంది. ప్రింటరు మనం కొనక్కర్లేదు, మీటరు లెక్కన వేసిచ్చే జాబ్‌వర్క్ వాళ్లున్నారు. మనకు హీట్ ప్రెస్ ఒక్కటి చాలు.

మీటరు ఫిల్మ్ మాకు 300 పడుతోంది. 28 సెంటీమీటర్ల వెడల్పు డిజైన్లు పక్కపక్కన రెండు, మూడు వరుసలు పడతాయి, అంటే మీటరుకు ఆరు. ఒక్కోటి 50 రూపాయలు, నొక్కే కూలీ కరెంటు కలిపి 58. స్క్రీన్ ప్రింటు వంద ముక్కలకు 28కే అవుతోంది. తేడా 30 రూపాయలు.

ఏడాదికి 4,000 టీషర్టులు అమ్ముతాం. అన్నీ డీటీఎఫ్‌కు మారిస్తే అదనపు ఖర్చు 1,20,000. దానికి ఎదురుగా లాభం ఎంత? ప్లెయిన్ టీషర్టు 135, ప్రింటు 28, కలిపి 163. చనిపోయిన స్టాకును చివరికి 70కి తోసేస్తాం. ముక్కకు నష్టం 93, 620 ముక్కలకు 57,660. నెలకు 25 గీతలంటే ఏడాదికి 300 బేరాలు. 399కి అమ్మితే డీటీఎఫ్ ఖర్చు పోను 206 మిగిలేది, అంటే 61,800. రెండూ కూడితే 1,19,460.

ఖర్చు 1,20,000, లాభం 1,19,460. ఇంత చేసినా మొదటికే వచ్చినట్టే. బాబాయికి చూపిస్తే నవ్వి, "మరి ఈ హైరానా ఎందుకురా?" అన్నాడు.

జూన్ 27

ఆ ప్రశ్నతో మళ్లీ బిల్లుల దగ్గర కూర్చున్నాను. ఇరవై డిజైన్లను అమ్మకాల వరుసలో పేరిస్తే మొదటి నాలుగే సగం, అంటే దాదాపు 2,000 టీషర్టులు అమ్ముడయ్యాయి. చచ్చిన 620లో ఆ నాలుగింటివి 40 మాత్రమే. మిగతా 580 ఆ పదహారువే.

నాలుగింటికి వాయిదా అవసరమే లేదు. వంద వేస్తే వందా పోతాయి. వాటికి 30 రూపాయలు ఎక్కువ పెట్టడం దండగ. పదహారింటికి మాత్రమే డీటీఎఫ్ పెడితే అదనపు ఖర్చు 60,000కు తగ్గుతుంది. మిగిలేది చూస్తే డెడ్ స్టాకు 53,940, నోటుపుస్తకంలో ఆ పదహారింటివి నెలకు 16 గీతలు కాబట్టి ఏడాదికి 192 బేరాలు, 39,552. కలిపితే 93,492. ఖర్చు పోను 33 వేల పైచిలుకు మిగులు.

ఏ డిజైన్ ఏ పక్కకో తేల్చడానికి ఒక హద్దు కూడా దొరికింది. వంద స్క్రీన్ ప్రింటు వేస్తే 25 మిగిలిపోయాయనుకుందాం. 25 ముక్కల నష్టం 2,325. అమ్ముడైన 75 డీటీఎఫ్‌తో వేసుంటే అదనపు ఖర్చు 2,250. దాదాపు సమానం. అంటే వందకు పాతిక కంటే ఎక్కువ మిగిలే డిజైన్ ఫిల్మ్‌లోకి, తక్కువ మిగిలేది స్క్రీన్‌కి. పోయిన బేరాల సంగతి కలపకుండానే ఇది.

నాలుగు డిజైన్లకు కూడా చిన్న మార్పు ఉంది. వాటి స్క్రీన్లు చెరపకుండా దాచమని, వారానికోసారి అన్ని సైజులూ కలిపి 50 వేయమని మాస్టర్‌ను అడిగాం. స్క్రీన్ సిద్ధంగా ఉంటే ఆయనకు వంద అన్న పట్టింపు లేదట. సైజుల లెక్క ఆ వారం ర్యాకు చూసి ఇస్తాం. ప్లెయిన్ టీషర్టుల గంప మాత్రం రెండు పద్ధతులకూ ఒక్కటే.

జూలై 6

పదహారు డిజైన్లు, మూడు రంగుల బట్ట. తెల్ల అక్షరాల డిజైన్ తెల్ల టీషర్టు మీద కనపడదు కాబట్టి ముదురుకు ఒకటి, లేతకు ఒకటి ఫిల్మ్ పెట్టుకోవాలి. అంటే 32 రకాల ఫిల్మ్‌లు. 240 కంటే మేలే, కానీ ఇంకా తగ్గుతుంది. డిజైన్లు గీసే తమ్ముడితో కూర్చుని పదకొండింటి అక్షరాల్ని ఇటుక ఎరుపులోకి మార్చాం. అది మూడు బట్టల మీదా నిలుస్తుంది. మిగతా ఐదింటికి తెలుపే అందం, వాటికి రెండేసి. మొత్తం 21. ఒక్కోటి పన్నెండు పెట్టుకున్నా 12,600 రూపాయలు, ఒక షెల్ఫ్‌లో పట్టేస్తాయి. ఫిల్మ్‌కు సైజు పట్టింపు లేదు. XXL మీద 28 సెంటీమీటర్లు కొంచెం చిన్నగా కనిపిస్తుంది, దానికోసం ఇంకో సైజు పెడితే మళ్లీ రకాలు పెరుగుతాయి కాబట్టి ఊరుకున్నాం.

మెడ దగ్గర మన పేరు లేబుల్‌ను కూడా వెనక్కి జరిపాం. సప్లయర్‌తో సైజు చూపే చిన్న ట్యాబ్ మాత్రమే కుట్టించుకుంటాం. మన గుర్తు ఐదు సెంటీమీటర్ల బొమ్మ, ఫిల్మ్ షీట్‌లో పెద్ద డిజైన్ల మధ్య మిగిలే ఖాళీల్లో వేయిస్తే వేరే ఖర్చు లేదు. లేబుల్ లేని టీషర్టు అవసరమైతే వేరే షాపుకు కూడా అమ్ముకోవచ్చు.

జూలై 13

ప్రెస్ వచ్చింది. 16 బై 24 అంగుళాలది. ఇన్వర్టర్ మీద నడవదు, కరెంటు పోతే పని ఆగినట్టే.

మా ఫిల్మ్‌కు కుదిరిన పద్ధతి: 155 డిగ్రీలు, 12 సెకన్లు, పూర్తిగా చల్లారాక ఫిల్మ్ ఒలవడం, పైన బేకింగ్ కాగితం వేసి మళ్లీ 8 సెకన్లు. ఫిల్మ్‌ను బట్టి ఇది మారుతుంది, కొన్ని వేడిగా ఉండగానే ఒలిచేవి ఉంటాయి. డిస్‌ప్లేలో 155 అని చూపించినా ప్లేటు మూలల్లో అంత ఉండకపోవచ్చు. గన్ థర్మామీటర్ పెట్టి చూస్తే మాకు ఎడమ మూలలో 140 దాటడం లేదు. అందుకే డిజైన్‌ను ఆ మూలకు పోకుండా పెడుతున్నాం.

వానాకాలంలో అసలు శత్రువు తేమ. బట్టలో చెమ్మ ఉంటే నొక్కినప్పుడు ఆవిరై జిగురు కింద బుడగలు లేస్తాయి. ఫిల్మ్ పెట్టకముందు ఒట్టి టీషర్టును ఐదు సెకన్లు నొక్కితే ఆవిరి కంటికి కనిపిస్తూ పోతుంది. ఫిల్మ్‌లు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టాం. ఫిల్మ్ అంచులు చుట్టుకుంటున్నాయంటే తేమ పట్టిందని గుర్తు.

జాబ్‌వర్క్ నుంచి వచ్చే ఫిల్మ్‌ను తీసుకునేటప్పుడే వెనక్కి తిప్పి చూడాలి. జిగురు సరిగ్గా కరిగితే నారింజ తొక్క మీద ఉన్నట్టు మెరుపుతో సన్నని గరుకు ఉంటుంది. తెల్లగా, ఇసుక రాలినట్టు ఉంటే కరగలేదన్నమాట. అలాంటిది ఆ రోజు అంటుకున్నట్టే కనిపించి నాలుగో ఉతుకుకు అంచులు లేస్తుంది. ఒక షీట్ అలా వచ్చింది, తిప్పి పంపాం.

పెద్ద దిమ్మలా నిండుగా రంగున్న డిజైన్లు డీటీఎఫ్‌లో ఛాతీ మీద ప్లాస్టిక్ అట్ట అంటించినట్టు ఉంటాయి, గాలి ఆడదు. మన ఎండల్లో అది తొడిగినవాళ్లు రెండోసారి కొనరు. అలాంటివి రెండు ఉన్నాయి. ఒకదాన్ని లోపల గీతల ఖాళీలు వచ్చేలా మార్చాం, రెండోదాన్ని మార్చడం కుదరక తీసేశాం. ఇకపై ఫిల్మ్ డిజైన్లు పదిహేను.

బట్ట విషయంలో 180 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 180 గ్రాములు, నూగు పోయేలా బయోవాష్ చేసిన నూరు శాతం కాటన్ దాటొద్దని నిర్ణయం. పాలియెస్టర్ కలిసిన ఎర్ర బట్ట చవగ్గా దొరికింది గానీ, వేడికి అందులోని రంగు పైకి లేచి తెల్ల ప్రింటును గులాబీ చేస్తుంది. అదీ ఆ రోజు కాదు, కొన్ని రోజులకు.

జూలై 20

ఆగస్టు 27 వినాయక చవితి. మా షాపుకు ఏడాదిలో పెద్ద సీజన్ అదే. ప్రతి వాడ యూత్ అసోసియేషన్‌కూ ముందు గణపతి బొమ్మ, వెనక వాళ్ల పేరు, సంవత్సరం. ఒక్కో ఆర్డరు నలభై, యాభై. ఈ ఆర్డర్ల తీరు ఒక్కటే: చందాలు వసూలయ్యాకే డబ్బు కడతారు, ఆఖరి రోజు దాకా సైజుల లిస్టు మారుతూనే ఉంటుంది. "అన్నా, ఇంకో ఆర్గురు కలిసిండ్రు" అన్న ఫోన్ రాకుండా ఏ ఆర్డరూ పూర్తవదు.

వాయిదా పద్ధతికి ఇంతకంటే అనువైన సరుకు లేదు. ఎవరి పేరు వేస్తామో తెలియదు గానీ, కాషాయం M లు కావాలని తెలుసు. నిరుటి లిస్టులన్నీ కలిపితే సైజులు షాపు అమ్మకాల్లా లేవు: వందకు S 14, M 34, L 30, XL 16, XXL 6. కుర్రాళ్లు కదా. దాని ప్రకారం కాషాయం 450 తిరుప్పూరుకు చెప్పాం. తెలుపు మామూలు గంపలోంచే తీస్తాం.

కానీ ఇక్కడే ఆ సర్దుబాటు సూత్రం చేతులెత్తేస్తుంది. అందరికీ ఒకే వారంలో కావాలి. ఒకరు తగ్గితే ఒకరు పెరగడం ఉండదు. సరుకు సమస్య పోయి చేతుల సమస్య వస్తుంది. ముందూ వెనకా నొక్కడానికి టీషర్టుకు మూడు నిమిషాలు. గంటకు 20, రోజుకు 160 మించవు. ఆఖరి వారంలో 600 పడితే నాలుగు రోజులు ఇంకే పనీ పెట్టుకోకూడదు. కరెంటు పోతే అంతే సంగతులు.

జూలై 26

దారి దొరికింది, పూర్తిగా వాయిదా వేయకపోవడమే. వెనక పేర్లు వేరు గానీ ముందు గణపతి రెండే రకాలు. వాటిలో ఒకదాన్ని కాషాయం మీద ముందే నొక్కి పెట్టుకుంటే ఆఖరి వారంలో మిగిలేది వెనక పేరు ఒక్కటే, నిమిషమున్నర.

ఎన్ని నొక్కాలి? 600 వస్తాయన్న అంచనా మొత్తానికి నొక్కితే మళ్లీ పాత కథే. ప్రతి ఏడూ మన దగ్గరకే వచ్చే అసోసియేషన్లు ఏడున్నాయి, వాళ్లవే మూడొందల పైన. ఖాయమైన ఆ భాగం వరకే, 300. అది కూడా M, L, XL లోనే. S, XXL ఎటు పోతాయో తెలియదు కాబట్టి వాటిని ప్లెయిన్‌గానే ఉంచాం. సంవత్సరం అంకెను ముందు బొమ్మలోంచి తీసేసి వెనక పేరు కిందకు మార్చాం. మిగిలినా వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

ముందు ప్రింటున్న టీషర్టును వెనక నొక్కేటప్పుడు ముందు బొమ్మ కింది ప్లేటుకు ఆనుతుంది, మళ్లీ వేడెక్కి ముడతల అచ్చు పడుతుంది. లోపల ఒకటి, కింద ఒకటి టెఫ్లాన్ షీట్ వేస్తే ఆ బెడద లేదు.

ఆగస్టు 17

ఆర్డర్లు మొదలయ్యాయి. కాషాయం చాలదనిపించి ఇంకో 180 తెప్పించాం. సరుకు వచ్చాక పాత టీషర్టూ కొత్త టీషర్టూ గుమ్మం బయట ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తే రంగు తేడా. ట్యూబులైటు కింద కనపడలేదు. వేరే అద్దకం లాటు. విడిగా అమ్మితే ఎవరికీ తెలియదు, కానీ ఒకే అసోసియేషన్ నలభై మంది వరుసగా నిలబడి ఫొటో దిగితే ఇట్టే తెలుస్తుంది. గంపల మీద లాటు 1, లాటు 2 అని రాసి, ఒక ఆర్డరుకు ఒకే లాటు అని నియమం పెట్టాం. దాంతో ఒకే గంప అనుకున్నది రెండయింది. ఒకచోట లాటు 1 లో XL అయిపోతే లాటు 2 లో ఉన్నా ఇవ్వలేం. కాషాయం లాంటి సీజన్ రంగుకు వచ్చేసారి ఒకేసారి తెప్పించడమే మంచిది, కొన్ని మిగిలినా సరే.

పేర్ల దగ్గర ఇంకో తలనొప్పి. అసోసియేషన్ వాళ్లు పంపే తెలుగు ఫైళ్లు సగం అను ఫాంట్లలో ఉంటాయి. జాబ్‌వర్క్ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే వత్తులు ఎగిరిపోతాయి. పంపేముందు కోరల్‌డ్రాలో అంతా సెలెక్ట్ చేసి `Ctrl+Q` కొడితే అక్షరాలు గీతలైపోతాయి, ఎక్కడ తెరిచినా మారవు. ఆ తర్వాతే నమూనా బొమ్మ వాట్సాప్‌లో పంపి, వాళ్లు ఒప్పుకున్నాక ఫిల్మ్. సగం డబ్బు ముందు తీసుకుంటున్నాం. పేరు పడ్డాక అది ఇంకెవరికీ అమ్ముడుపోని టీషర్టు కదా.

ఆగస్టు 21

నిన్నటితో పేర్ల ఫైళ్లు ఆపేశాం. ప్రెస్ ఖాళీగానే ఉంది, ఫిల్మ్ రావడమే ఆలస్యమవుతోంది. జాబ్‌వర్క్ దగ్గర ఊరంతటి గణపతి పని పడింది. మామూలుగా తెల్లారి ఇచ్చేవాళ్లు మూడు రోజులంటున్నారు. మన దగ్గర సాదా సరుకు ఎంతున్నా, ఆఖరి మెట్టులో ఒకే ఒక్కరి మీద ఆధారపడితే అక్కడ ఆగిపోతాం. గడువు ముందే చెప్పాం కాబట్టి ఇద్దరు మాత్రమే అలిగారు. గడువు తర్వాత వచ్చిన అసోసియేషన్‌కు పేరు లేకుండా ముందు గణపతితో మాత్రమే ఇస్తామన్నాం. ముందే నొక్కినవి ఉండబట్టి ఆ మాట అనగలిగాం.

సెప్టెంబర్ 9

నిమజ్జనాలు అయ్యాయి, లెక్కలు చూశాం. పదహారు అసోసియేషన్లు, 688 టీషర్టులు. కాషాయం 590, తెలుపు 98. ముందే నొక్కిన 300లో మిగిలినవి 9, అన్నీ XL. అవి లేకపోతే ప్రెస్ మీద 34 గంటల పైన పట్టేది, 27 గంటల్లో అయింది. ఒక పనిదినం కలిసొచ్చింది. ఆఖరి వారంలో అదే గండం గట్టెక్కించింది. ప్లెయిన్ కాషాయం 31 మిగిలాయి, హనుమాన్ జయంతి శోభాయాత్రకు పోతాయి. నిరుడు పేర్లు పడ్డాక తగ్గించుకున్న ఆర్డర్ల వల్ల మిగిలినవి ఇప్పటికీ అటక మీదున్నాయి.

షాపు వైపు చూస్తే ప్లెయిన్ గంపల్లో 430 దాకా ఉన్నాయి, 60 వేల రూపాయలు కూడా కాదు. జూన్‌లో 1,740 ముక్కల్లో 2,83,620 రూపాయలు ఇరుక్కుని ఉండేవి. పాత ప్రింటు సరుకు ఇంకా 500 పైన ఉంది, దాన్ని 70కి అమ్మేయడానికి బాబాయికి మనసు రావడం లేదు. ఆగస్టులో నోటుపుస్తకంలో గీతలు 7. వాటిలో నాలుగు ఆ నాలుగు స్క్రీన్ డిజైన్లవే, వారం మధ్యలో అయిపోయినవి. వాటికి కూడా ఐదేసి ఫిల్మ్‌లు పక్కన పెట్టుకుంటే, మాస్టర్ బ్యాచ్ వచ్చేలోగా అడిగినవాళ్లకు నొక్కివ్వొచ్చు. ముక్కకు 30 రూపాయలు తక్కువ మిగులుతుంది, బేరం మాత్రం పోదు.

ఒక ఫిల్మ్ డిజైన్ ఈ రెండు నెలల్లో స్థిరంగా పోతోంది. వంద వేస్తే పాతిక మిగలదనిపిస్తోంది. దసరా అమ్మకాలు చూసి దాన్ని స్క్రీన్‌కు మార్చాలి. నేవీలో S, XXL గంపలు ఆపేద్దామని షీట్ చెబుతోంది. బాబాయి XXL ఆపొద్దంటున్నాడు, ఆ సైజు వాళ్లకు వేరే షాపుల్లో దొరకదట. XXL ఉంచి S ఆపాం. ఈ సాయంత్రం తిరుప్పూరుకు నలుపు L, M ఆర్డరు పెట్టాలి. L 52కు దిగింది.